ఊరన్నాక మాలపల్లె ఉండదా?

మా అమ్మ గురించి ఇంగ్లీషులో రాస్తూ ఒక్క సామెత దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. "ఊరన్నాక మాలపల్లె ఉండదా?" ఎంత మంచి చోటైనా కాస్త చెడు ఉంటుందని చెప్పడానికి వాడే మాట. ఆ చెడు మేమే.

ఒక మిత్రుడు 'ప్రతి మందలో ఒక నల్ల గొర్రె' అనే ఇంగ్లీషు సామెత పెట్టమన్నాడు. అర్థం ఇంచుమించు సరిపోయింది, కులం ఎగిరిపోయింది. అన్నవాడు తప్పించుకున్నాడు. పోనీ మాలపల్లెను 'స్లమ్' అందామంటే, స్లమ్ చెప్పేది పేదరికం. మాలపల్లెలో మేడ కట్టినా అది మాలపల్లే. ఉత్త 'మాల' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఉత్తరాది పాఠకుడు పూలదండ అనుకుంటాడు.

చివరికి ఇలా చేశాను. ముందు ఊరికీ మా ఇళ్లకీ మధ్య ఉన్న కాలువను చూపించి, ఇవతలి ఇళ్ల పేరు మాలపల్లె అన్నాను. వాలు అక్షరాలు పెట్టలేదు, కింద అర్థమూ రాయలేదు. తర్వాత సామెతను మాటకు మాట ఇంగ్లీషులోకి తెచ్చి, దాన్ని అన్నవాడి నోటే పలికించాను. పెళ్లి భోజనాల్లో అన్నంలో రాయి తగిలితే, అంట్లు తోముతున్న మా అమ్మ వినేలా నవ్వుతూ అన్న ఆసామి అతను. ఆ రాయి ఎవరో పాఠకుడికి తెలిసిపోయింది.

అన్ని సామెతలకూ ఇంత చోటు దొరకదు. అందుకే మరో ఆరు తీసేశాను. అవీ ఉంటే సామెతల అంగడి కనిపించేది, అమ్మ కనిపించేది కాదు.

మాలపల్లె అన్న మాట దగ్గర ఇంగ్లీషు పాఠకుడు కాస్త తడబడితే తడబడనీ. ఆ కాలువ దాటేటప్పుడు మేం తడబడలేదా?