ఫోటోలకు పైసలు.. పాత్రకు ఎదురుచూపులు

బహదూర్‌పల్లి చౌరస్తాల నిలబడి చూస్తే మన కొత్త తరం మొత్తం కండ్ల ముందరికెల్లి పోతది. ఒకప్పటి సత్యం క్యాంపస్, ఇప్పుడు టెక్ మహీంద్రాది. దాని పక్కన మహీంద్రా యూనివర్సిటీ. దుండిగల్, మైసమ్మగూడ దిక్కు వరుసగా ఇంజనీరింగ్ కాలేజీలు. ఇటు సూరారం, జీడిమెట్ల కంపెనీలకు పోయే కార్మికులు. ఇన్ని వేల మంది పోరగాళ్లు ఒక్క చోట ఉంటే కరెంటు స్తంభాలు ఊకుంటయా? ట్యూషన్, హాస్టల్, పార్ట్ టైం జాబ్ కాగితాల నడుమ ఇంకో కాగితం కనబడుతది. "కొత్త సినిమాకు నటీనటులు కావలెను, అనుభవం అక్కర లేదు." ఇప్పుడు అదే కాగితం సెల్‌ఫోన్‌లకు ఎక్కింది.

ఈ దందా ఎట్ల నడుస్తదో జర వివరంగా చెప్పుకోవాలె. ఎందుకంటే ఇందులో మోసపోయినోడు పోలీస్ స్టేషన్‌కు పోతే చాలాసార్లు వినబడే మాట ఒక్కటే: "నువ్వు ఫోటోలు దిగినవ్, పైసలు కట్టినవ్, ఇందులో నేరం ఏముంది?" ఆ మాట రావడానికి కారణం పోలీసుల బద్ధకం ఒక్కటే కాదు. దందాను మొదటి నుంచే అట్ల కట్టిండ్రు.

ఊహకు ఒక పిల్లవాన్ని తీసుకుందాం. డిగ్రీ చదువుతున్నడు, హాస్టల్‌ల ఉంటడు. ఫోన్‌ల ప్రకటన చూసి ఫోటో పంపిండు. మరునాడే ఫోన్ వచ్చింది: "మీ ఫేస్ డైరెక్టర్‌గారికి నచ్చింది, హీరో తమ్ముడి పాత్రకు షార్ట్ లిస్ట్ అయిండ్రు." ఆఫీసుకు పోతే గోడల నిండ పెద్ద హీరోలతో దిగిన ఫోటోలు. రెండు నిమిషాలు డైలాగ్ చెప్పించిండ్రు. రిజిస్ట్రేషన్‌కు 1,500 కట్టుమన్నరు. చిన్న మొత్తమే కాబట్టి కట్టిండు. వారం తిరగక ముందే "పోర్ట్‌ఫోలియో లేకుంటే ప్రొడ్యూసర్ ముందర పెట్టలేం" అన్నరు. దానికి 25,000. అమ్మ చెవుల కమ్మలు కుదువకు పోయినయ్. ఆల్బం చేతికి వచ్చింది. ఇగ పాత్ర ఏదంటే, "మీకు డిక్షన్ లేదు, వర్క్‌షాప్ చెయ్యాలె" అని ఇంకో 15,000. లెక్క కట్టుండ్రి, 41,500 అయింది. షూటింగ్ మాత్రం "వచ్చే నెల".

ఇప్పుడు ఆ పిల్లవాని చేతిల ఉన్న రసీదు తిప్పి చూడాలె. నోటితోని అమ్మింది పాత్ర. రసీదు మీద రాసింది "ఫోటోగ్రఫీ సేవలు". కింద చిన్న అక్షరాలల్ల "అవకాశానికి హామీ లేదు, రుసుము తిరిగి ఇవ్వబడదు" అని ఉంటది. దాని కింద పిల్లవాని సంతకం. అంటే ఆఫీసుల చెప్పిన అబద్ధం గాలికి పోయింది, కాగితం మీద మిగిలింది ఒక ఫోటో స్టూడియో వ్యవహారం. మోసం కేసు నిలబడాలంటే మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశం ఉన్నదని చూపాలె. పాత ఐపీసీ 420 అయినా, 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318 అయినా సూత్రం అదే. రసీదు ఒక్కటే పట్టుకొని పోతే అది తేలదు. పాత్ర ఇస్తమన్న వాట్సాప్ మెసేజీలు, వాయిస్ రికార్డులు, మొదటి ప్రకటన ఫోటో, పైసలు పోయిన ఖాతా పేరు ఉండాలె. అందరికన్న ముఖ్యం, అట్లనే కట్టిన ఇంకో పది మంది. ఒక్కనికి పాత్ర రాలేదంటే అదృష్టం బాగలేదంటరు. కట్టినోళ్లల్ల ఒక్కనికి కూడా రాలేదంటే ఉద్దేశం బయటపడుతది.

2024 జనవరిల సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న పిల్లల మోడలింగ్ ముఠా కేసు యాదికి ఉండే ఉంటది. షాపింగ్ మాల్స్‌కు పసిపిల్లలతోని వచ్చిన తల్లిదండ్రులను పట్టుకొని, మీ పాప యాడ్స్‌కు సరిపోతదని చెప్పి లక్షలు గుంజిండ్రు. అరెస్టులు అయింది తల్లిదండ్రులు ఫిర్యాదుతోని ముందుకు వచ్చినందుకే. చాలా ఇండ్లల్ల ఇది జరగదు. "సినిమా పిచ్చితోని పైసలు పోగొట్టిండు" అని వాడకట్టంత అంటరేమో అన్న సిగ్గు. ఏజెన్సీకి అసలు పెట్టుబడి ఆ సిగ్గే.

పిల్లల విషయంలనైతే ఒక్క ప్రశ్నతోని దొంగను పట్టొచ్చు. బాలకార్మిక చట్టం కింద 2017ల వచ్చిన నిబంధనల ప్రకారం, పిల్లవాన్ని షూటింగ్‌ల పెట్టాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలె. రోజుకు ఐదు గంటలకు మించొద్దు. సంపాదనల కనీసం 20 శాతం బిడ్డ పేరు మీద బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలె. "కలెక్టర్ అనుమతి కాగితం చూపియ్యుండ్రి" అని అడగండి. బిడ్డకు పైసలు జమ చేయవలసినోడు బిడ్డ తల్లిని పైసలు అడుగుతున్నడంటే ఇగ చెప్పేదేమున్నది?

పెద్దోళ్ల విషయానికి వస్తే, పరిశ్రమల పైసలు ఏ దిక్కు పారుతయో తెలిస్తే చాలు. కాస్టింగ్ డైరెక్టర్‌కు జీతం ఇచ్చేది నిర్మాణ సంస్థ. కృష్ణానగర్‌ల జూనియర్ ఆర్టిస్టులను తోలుకపోయే ఏజెంటు కూడా పని జరిగినంక కూలిల నుంచే కమీషన్ పట్టుకుంటడు. ఆ కమీషన్ ఎక్కువన్న పంచాయితీ వేరే ఉన్నది, అది ఇంకో వారం రాసుకుందాం. మొత్తానికి పని ముందు, పైసలు తర్వాత. పైసలు ముందు అడిగినోనికి నీ పాత్రతోని పని లేదు, ఎందుకంటే నీకు పాత్ర వచ్చినా రాకున్నా వాని లాభం వానికి వచ్చేసింది. ఇంక పోర్ట్‌ఫోలియో అంటరా, కొత్తవాళ్లను నిజంగ వెతికే డైరెక్టర్లు అడిగేది మేకప్ లేని మామూలు ఫోటోలు, ముందర నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలువుగా ఒకటి. పేరు, వయసు, ఎత్తు చెప్పే చిన్న వీడియో. సెల్‌ఫోన్‌ల దోస్తు తీస్తే సరిపోతది. సినిమా పేరు, బ్యానర్ పేరు అడిగి ఫిల్మ్‌నగర్‌ల ఉన్న ఫిల్మ్ చాంబర్‌ల విచారించుకోవచ్చు. "టైటిల్ రహస్యం" అంటే సరే, బ్యానర్ కూడా రహస్యమా?

ఇక్కడ మన సంగతి ఒకటి మాట్లాడాలె. దశాబ్దాల పాటు మన భాష విలన్‌కూ, కమెడియన్‌కూ మాత్రమే పనికొచ్చింది. రాష్ట్రం వచ్చినంక మన యాస హీరో నోట్లకు వచ్చింది, మన ఊర్ల కథలు ఆడుతున్నయ్. మంచిదే. కానీ ఏజెన్సీలోడు ఇప్పుడు దాన్నే అమ్ముతున్నడు: "తెలంగాణ యాస ఉన్న ముఖాలు కావాలె." కొట్లాడి తెచ్చుకున్న గౌరవం వానికి గాలం మీది ఎర అయింది. వాడు మనోడా పరాయోడా అన్న లెక్క ఇక్కడ లేదు. మన యాసలనే తియ్యగ మాట్లాడి ముంచేటోళ్లూ ఉన్నరు.

ప్రభుత్వం ఏం చెయ్యాలె? 2025ల గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చిండ్రు, సంతోషం. అదే ప్రభుత్వం చేతిల ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉన్నది. నటీనటులను ఎంపిక చేస్తమని ప్రకటన ఇచ్చేటోళ్లు అందరూ అక్కడ నమోదు కావాలని, డిపాజిట్ కట్టాలని, అవకాశం పేరు మీద ముందస్తు రుసుము తీసుకోవద్దని చట్టం తేవొచ్చు. ఇది గాలిల మాట కాదు. హాలీవుడ్ ఉన్న కాలిఫోర్నియా 2009ల ఇటువంటి చట్టమే చేసింది. అవకాశం ఇప్పిస్తమని ముందస్తు ఫీజు తీసుకునుడు అక్కడ నేరం. శిక్షణ, ఫోటోల వంటి సేవలు అమ్మేటోళ్లు 50 వేల డాలర్ల పూచీకత్తు పెట్టాలె. "ఫోటోలకు తీసుకున్నం, పాత్రకు కాదు" అన్న తప్పించుకునే తొవ్వను మూసేయాలంటే అట్ల రాయాలె.

అంతవరకు పైసలు పోయినోళ్లకు రెండు తొవ్వలున్నయ్. ఫోన్ ద్వారా కట్టి ఉంటే ఆలస్యం చెయ్యకుండ 1930కి చెప్పాలె. ఎంత తొందరగ చెప్తే ఖాతాల పైసలు ఆపే వీలు అంత ఎక్కువ. "ఫోటోగ్రఫీ సేవలు" అని రసీదు ఇచ్చి తప్పించుకున్నోని మీద ఆ రసీదుతోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. సేవ అమ్మిన అని వాడే రాసిచ్చిండు కదా, తప్పుడు ప్రకటనతోని అమ్మిండని మనం అంటం. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేండ్ల గడువుంటది. దుండిగల్, మైసమ్మగూడ కాలేజీల విద్యార్థి సంఘాలు ఒక్కో హాస్టల్‌ల అట్ల కట్టినోళ్ల పేర్లు రాసుకొని, రసీదులు ఒక్క కాడ పెట్టి, ఒకే రోజు ఫిర్యాదు చెయ్యాలె.