ఫోన్లకు లేని జబ్బు టీవీకే ఎందుకు?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఇళ్లల్లో పగలంతా వాళ్లకు తోడు టీవీయే. మనం ఆఫీసులో ఉండగా అది "నెట్‌వర్క్ లేదు" అని మొరాయిస్తే, "ఏం నొక్కమంటావు నాయనా?" అని ఫోన్ చేయడం తప్ప వాళ్లేం చేయగలరు? న్యూజెర్సీలో మా మిత్రుడి ఇంట్లో ఇదే తంతు. ఫోన్లన్నీ బాగానే పనిచేస్తున్నాయి కదా, లోపం టీవీదేనని కొత్తది కొనడానికి సిద్ధపడ్డాడు.

ఫోన్ సాక్ష్యాన్ని అంత తేలిగ్గా నమ్మకూడదు. వైఫై బలహీనపడితే అది చడీచప్పుడు లేకుండా సెల్ డేటాకు మారిపోతుంది. పైగా మనం దాన్ని సోఫాలో కూర్చుని చూస్తాం. టీవీ యాంటెన్నా మాత్రం గోడకూ, రేకు వీపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. అందుకని సెల్ డేటా ఆపేసి, ఫోన్‌ను టీవీ వెనకే పెట్టి చూశాం. రౌటర్ బేస్‌మెంట్‌లో ఉంది, టీవీ పై అంతస్తులో ఫైర్‌ప్లేస్ ఇటుక గోడ మీద ఉంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి చేరేసరికి ఒక్క గీతే మిగిలింది. వేగం ఎక్కువే గానీ గోడలు దాటడంలో అది 2.4 కంటే బలహీనం. రౌటర్ సెట్టింగుల్లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, టీవీని 2.4కు కలిపాం.

తెగడం తగ్గింది కానీ పోలేదు. పొద్దున ఆన్ చేశాక గంట సేపు బాగానే ఉండి, తర్వాత పోయేది. ప్లగ్ పీకి కాసేపాగి పెడితే మళ్లీ వచ్చేది. అప్పుడు దూరం అన్న అనుమానాన్నే తీసేశాం: ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి (ఐఫోన్ అయితే Maximize Compatibility నొక్కితే అది 2.4లో నడుస్తుంది) టీవీకి మూడడుగుల్లో ఉంచాం. ఈ పరీక్షకు హెచ్‌డీ వీడియో గంటకు 3 జీబీ దాకా తింటుంది, ప్లాన్ చూసుకోండి. గంట తర్వాత అదీ తెగింది. నెట్‌వర్కుల జాబితా ఖాళీ! బ్లూటూత్‌తో నడిచే వాయిస్ రిమోట్ కూడా అదే క్షణంలో మూగబోయింది. చాలా టీవీల్లో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిన్న మాడ్యూల్ మీద ఉంటాయి. వేడెక్కగానే రెండూ కలిసి పోయాయంటే జబ్బు దానిదే.

వారంటీ ఉంటే కంపెనీ వాళ్లే మారుస్తారు. లేకపోతే టీవీని పారేయనక్కర్లేదు, బొమ్మా శబ్దం నిక్షేపంగా ఉన్నాయి కదా. ఈథర్‌నెట్ తీగ లాగగలిగితే అంతకంటే మేలు లేదు. మా వాడికి గోడ తొలిచే ఓపిక లేక, స్ట్రీమింగ్ స్టిక్ తెచ్చి హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టాడు. దాని వైఫై దానిదే, టీవీ మాడ్యూల్‌తో పని లేదు. అయితే అదీ ఆ ఇటుక గోడ పక్కనే కాబట్టి 2.4కే కలిపి, డబ్బాలో వచ్చిన పొట్టి ఎక్స్‌టెన్షన్ తీగతో టీవీ అంచు దాకా బయటికి తెచ్చి వేలాడదీశాం.