ఆరు రెట్లు కంటికి ముప్పై ఆరు రెట్లుగా ఎందుకు కనిపిస్తాయి?

లోక్‌సభ నియోజకవర్గాల పునర్విభజన మాట వచ్చినప్పుడల్లా చర్చ చివరికి ఒక పోలిక దగ్గర ఆగుతుంది. ఉత్తరప్రదేశ్ ఎంత పెద్దది? కేరళ, తమిళనాడు, తెలుగు రాష్ట్రాలు దాని పక్కన ఎంత? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉత్తరప్రదేశ్ జనాభా 19.98 కోట్లు, కేరళ జనాభా 3.34 కోట్లు. అంటే దాదాపు ఆరు రెట్లు. లోక్‌సభలో ఉత్తరప్రదేశ్‌కు 80 సీట్లు, కేరళకు 20. అంటే నాలుగు రెట్లు.

వివాదమంతా ఈ నాలుగుకూ ఆరుకూ మధ్యే ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల సీట్ల సంఖ్యను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా జనగణన ప్రకటించారు. జనాభాను అదుపు చేసినందుకు మాకు శిక్షా అని దక్షిణాది అడుగుతోంది. మా ఓటు విలువ మీ ఓటుకన్నా తక్కువ ఎందుకుండాలని ఉత్తరాది అడుగుతోంది. రెండూ నిజమైన ప్రశ్నలే.

ఈ వాదనను ఒక్క బొమ్మలో చూపించాలనుకునేవారు సాధారణంగా బుడగల చార్టు గీస్తారు. దానికి కారణం ఉంది. మామూలు చుక్కల చార్టు రెండు అంకెలనే చూపగలదు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. చుక్కను బుడగగా పెంచితే దాని సైజు మూడో అంకెను మోస్తుంది. చిక్కు ఆ మూడో అంకె దగ్గరే వస్తుంది. గీసినవారు ఒక్క చోట పొరపడితే, పై వివాదంలోని ఆరు రెట్లు చూసేవారి కంటికి ముప్పై ఆరు రెట్లవుతుంది.

ఒక చార్టు గీసి చూద్దాం

అడ్డగీత మీద సంతానోత్పత్తి రేటు, నిలువుగీత మీద శిశు మరణాల రేటు పెడదాం. రెండూ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తీసుకుందాం. ఉత్తరప్రదేశ్‌లో ఒక మహిళకు సగటున 2.4 మంది పిల్లలు, వెయ్యి జననాలకు 50 శిశు మరణాలు. బిహార్‌లో 3.0, 47. కేరళలో 1.8, 4. తమిళనాడులో 1.8, 19. తెలంగాణలో 1.8, 26. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, 30. ఈ అంకెలు పెట్టగానే బొమ్మలో ఒక కథ కనిపిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలు ఎడమవైపు కిందికి, ఉత్తరప్రదేశ్, బిహార్ కుడివైపు పైకి చేరతాయి.

ఇక ఒక్కో రాష్ట్రం చుట్టూ జనాభాను బట్టి బుడగ గీయాలి. కేరళ బుడగ 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ఉత్తరప్రదేశ్ జనాభా ఆరు రెట్లు కాబట్టి దాని వెడల్పు 48 మిల్లీమీటర్లు పెడితే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. లెక్క తప్పేది ఇక్కడే.

వంటింట్లో దోసె పోసేవారికి ఇది చెప్పక్కర్లేదు. అరచేతి వెడల్పు దోసెకు ఒక గరిటె పిండి పడితే, అంతే మందంతో దానికి రెట్టింపు వెడల్పు దోసె పోయడానికి రెండు గరిటెలు చాలవు, నాలుగు కావాలి. వెడల్పు పెరిగితే పొడవు కూడా దాంతోపాటే పెరుగుతుంది. బుడగ కూడా అంతే. వ్యాసార్థం ఆరు రెట్లయితే వైశాల్యం ఆరు ఆర్లు ముప్పై ఆరు రెట్లవుతుంది. చూసేవారు బుడగను చూడగానే దాని వ్యాసార్థాన్ని మనసులో కొలుచుకోరు. కాగితం మీద ఎంత రంగు పరుచుకుందో అదే వారి కంటికి తడుతుంది. కాబట్టి ఆ బొమ్మలో ఒక కేరళ పక్కన ఆరు కేరళలు కాదు, ముప్పై ఆరు కేరళలు నిలబడతాయి.

సరైన పద్ధతిలో వైశాల్యమే జనాభాకు అనుపాతంలో ఉండాలి. వ్యాసార్థం జనాభా వర్గమూలాన్ని బట్టి పెరగాలి. ఆరుకు వర్గమూలం 2.45. కేరళ బుడగ వెడల్పు 20 మిల్లీమీటర్లయితే ఉత్తరప్రదేశ్‌ది 49 ఉండాలి, అంతకు మించకూడదు. 1801లో విలియం ప్లేఫేర్ దేశాల విస్తీర్ణాలను వృత్తాలుగా చూపినప్పుడు కూడా వైశాల్యాన్నే కొలతగా తీసుకున్నాడు.

తప్పు సైజుతో ఇంకో నష్టం కూడా ఉంది. పెద్ద బుడగ పొరుగువాటిని మింగేస్తుంది. ఉత్తరప్రదేశ్ అంచు బిహార్ మీదికి వెళితే రెండూ ఒకే చోట ఉన్నాయనిపిస్తుంది. నిజానికి గీతల మీద విలువను చెప్పేది బుడగ కేంద్రం మాత్రమే, అంచుకు ఏ అర్థమూ లేదు. కానీ చాలామంది బుడగ పరుచుకున్నంత మేరా ఆ రాష్ట్రం విలువే అని చదువుకుంటారు.

తప్పు ఎక్కడ పుడుతుంది?

ఎక్కువసార్లు ఇది కావాలని చేసే మోసం కాదు, సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలో ఉన్న చిక్కు. వెబ్‌లో వృత్తం గీయాలంటే దాని వ్యాసార్థాన్ని ఇవ్వాలి, వైశాల్యాన్ని కాదు. తొందరలో ఉన్నవారు జనాభా అంకెను నేరుగా అక్కడ పెట్టేస్తారు. వార్తా సంస్థల గ్రాఫిక్స్‌లో విరివిగా వాడే D3లో తేడా ఒక్క మాటలోనే ఉంటుంది:

```
// తప్పు: వ్యాసార్థమే జనాభా
r = d3.scaleLinear().domain([0, 20]).range([0, 50])

// ఒప్పు: వైశాల్యం జనాభా
r = d3.scaleSqrt().domain([0, 20]).range([0, 50])
```

రెండిట్లోనూ ఉత్తరప్రదేశ్ వ్యాసార్థం 50 పిక్సెళ్లు. కేరళ మాత్రం మొదటి దాంట్లో 8 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది, రెండో దాంట్లో 20 ఉంటుంది. ఎక్సెల్‌లో ఇది Format Data Series కింద Size represents అనే చోట ఉంటుంది. అక్కడ Area of bubbles ఉంటే సరే. ఎవరైనా Width of bubbles ఎంచుకుని ఉంటే చార్టు తప్పుతుంది.

దీన్ని పట్టుకోవడానికి స్కేలు చాలు. చార్టులో అంకెలు తెలిసిన రెండు బుడగల వెడల్పులు కొలవండి. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించండి. అది జనాభాల నిష్పత్తికి దగ్గరగా ఉంటే చార్టు సవ్యంగా ఉన్నట్టే. హెచ్చించక ముందే నిష్పత్తితో సరిపోయిందా, వ్యాసార్థం పొరపాటు జరిగినట్టు. హెచ్చించినా నిష్పత్తి కన్నా బాగా తక్కువ వచ్చిందా, చిన్న రాష్ట్రాలు కనిపించకుండా పోతాయని వాటికి కనీస సైజు పెట్టి ఉంటారు. అప్పుడు బుడగ సున్నా నుంచి మొదలు కాదు కాబట్టి పోలికే చెల్లదు.

సరిగా గీసినా కన్ను ఒప్పుకోదు

వైశాల్యాన్ని సరిగా పెట్టగానే సమస్య తీరిపోతే బాగుండేది. కానీ వృత్తాల వైశాల్యాలను పోల్చడంలో మన కన్ను బలహీనం. పెద్ద వృత్తాన్ని ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తుంది. మ్యాపుల మీది వృత్తాలను జనం ఎలా చదువుతారో పరీక్షించిన జేమ్స్ ఫ్లానరీ 1971లో దీన్ని అంకెల్లో చెప్పాడు. కంటికి తోచే సైజు అసలు వైశాల్యానికి 0.87 ఘాతం చొప్పునే పెరుగుతుందని ఆయన లెక్క. ఆ లెక్కన ఆరు రెట్ల వైశాల్యం సగటు పాఠకుడికి సుమారు 4.8 రెట్లుగా తోస్తుంది. ముప్పై ఆరు రెట్ల తప్పు బుడగ 23 రెట్లుగా తోస్తుంది.

ఇప్పుడు మొదటి వివాదం దగ్గరికి తిరిగి వెళితే దీని బరువు తెలుస్తుంది. సీట్ల నిష్పత్తి నాలుగు, జనాభా నిష్పత్తి ఆరు. వ్యాసార్థంతో గీసిన చార్టు ఉత్తరప్రదేశ్‌ను 23 రెట్ల దిగ్గజంగా చూపి దక్షిణాది భయాన్ని అర్థం లేనంతగా పెంచుతుంది. వైశాల్యంతో సవ్యంగా గీసిన చార్టు ఆరును అయిదు లోపలికి దించి, ఉత్తరాది ఫిర్యాదు చాలా చిన్నదన్నట్టు చూపిస్తుంది. వాదన మొత్తం నాలుగుకూ ఆరుకూ మధ్య నడుస్తుంటే, ఆ రెంటినీ విడదీసి చూపలేని కొలబద్దను చేతికిచ్చినట్టే.

దీనికి విరుగుడుగా పెద్ద బుడగలను మరికాస్త పెంచి గీసే పద్ధతిని ఫ్లానరీ సూచించాడు. అప్పుడు ఉత్తరప్రదేశ్ వెడల్పు కేరళకు 2.45 రెట్లకు బదులు 2.8 రెట్లు ఉంటుంది. కానీ అందరి కన్నూ ఒకే మేరకు పొరబడదు. స్కేలు పెట్టి కొలిచినవారికి అది అబద్ధంగానే తేలుతుంది. అంతకన్నా చార్టు మూలన ఒక కోటి, అయిదు కోట్లు, ఇరవై కోట్లకు నమూనా బుడగలు గీసి చూపడం, పెద్ద బుడగల మీద అంకె రాయడం మేలు.

జనాభాను బుడగలోంచి బయటికి తేవాలి

1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ జరిపిన ప్రయోగాలు తేల్చిన సంగతి ఒకటుంది. ఒకే గీత మీద చుక్కల స్థానాలను పోల్చడంలో మనిషి అతి తక్కువ పొరబడతాడు. వైశాల్యాలను పోల్చడంలో అంతకన్నా చాలా ఎక్కువ పొరబడతాడు. అంటే బుడగ సైజు మోయాల్సింది కథలో నేపథ్యాన్ని, వివాదాన్ని కాదు. ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు జనాభాను బుడగలో పెట్టవచ్చు. పునర్విభజన గురించి మాట్లాడేటప్పుడు జనాభాయే వివాదం కాబట్టి దాన్ని గీత మీదికి తేవాలి.

అడ్డగీత మీద దేశ జనాభాలో రాష్ట్రం వాటా, నిలువుగీత మీద 543 సీట్లలో వాటా పెట్టి, రెండూ సమానమయ్యే చోట ఏటవాలుగా ఒక గీత గీయండి. ఉత్తరప్రదేశ్ జనాభా వాటా 16.5 శాతం, సీట్ల వాటా 14.7 శాతం. అది గీతకు కింద పడుతుంది. కేరళ 2.8, 3.7. తమిళనాడు 6.0, 7.2. రెండూ గీతకు పైన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి చూస్తే 7.0, 7.7. ఇవీ పైనే, అయితే గీతకు దగ్గరగా. ఎవరికి ఎంత పోతుందో, ఎవరికి ఎంత రావాలో ఆ దూరంలోనే ఉంది. జనాభా ఒక్కటే ప్రాతిపదికగా ఉండాలా వద్దా అన్నది రాజకీయంగా తేలాల్సిన ప్రశ్న. అది తేలే లోపు ఎవరైనా ఈ విషయం మీద బుడగల బొమ్మ పంపితే, నమ్మే ముందు రెండు బుడగలను కొలిచి చూడండి.