బీఎస్సీ చదివి ఫార్మాలోకి వెళ్తున్నారా? ముందు ఈ సంతకం రూల్ తెలుసుకోండి

ఉయ్యూరు, పామర్రు, కంకిపాడు చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ పూర్తి చేస్తున్న వారిలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, జువాలజీ, బోటనీ చదివితే ఫార్మా కంపెనీలో ఏం ఉద్యోగం వస్తుంది? కృష్ణా డెల్టాలో పెద్ద ఫార్మా క్లస్టర్ లేదు. పరవాడ ఫార్మా సిటీకో, పైడిభీమవరానికో, హైదరాబాద్ శివారులోని పాశమైలారానికో బ్యాగు సర్దుకుని వెళ్లాల్సిందే. అంత దూరం వెళ్లే ముందు జీతం, హాస్టల్ గురించి ఆరా తీస్తారు. అసలు అడగాల్సింది మాత్రం మరొకటుంది. నాలుగైదేళ్ల తర్వాత మీ సంతకానికి చట్టప్రకారం విలువ ఉంటుందా?

మందుల తయారీలో సంతకం లేకుండా ఏ బ్యాచ్ గేటు దాటదు. ఆ సంతకం ఎవరు పెట్టాలో కంపెనీ ఇష్టం కాదు. డ్రగ్స్ రూల్స్, 1945 చెబుతాయి. మీ డిగ్రీకి ఏ తలుపులు తెరుచుకుంటాయన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

రూల్ 71 ఏం చెబుతోంది?

మాత్రలు, క్యాప్సూల్స్ వంటి మామూలు మందుల తయారీ లైసెన్సు షరతులు రూల్ 71లో ఉన్నాయి. తయారీని పర్యవేక్షించే వ్యక్తి బీఫార్మసీ చదివి ఉంటే 18 నెలల అనుభవం చాలు. సైన్స్ గ్రాడ్యుయేట్ అయితే, డిగ్రీలో కెమిస్ట్రీని ప్రధాన సబ్జెక్టుగా చదివి ఉండాలి. ఆపైన మందుల తయారీలో కనీసం 3 ఏళ్ల అనుభవం కావాలి.

పరీక్షల విభాగానికి, అంటే క్వాలిటీ కంట్రోల్‌కు, లెక్క వేరు. అది తయారీ విభాగం నుంచి విడిగా ఉండాలి. దాని అధిపతి తయారీ అధిపతి కింద పనిచేయకూడదు. ఆ అధిపతికి మెడిసిన్, సైన్స్, ఫార్మసీ, ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీల్లో ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. మందుల పరీక్షల్లో అనుభవం సరిపోతుందో లేదో లైసెన్సింగ్ అధికారి నిర్ణయిస్తారు. ఇక్కడ 'కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టు' అన్న మాట లేదు.

ఇంజెక్షన్లు, టీకాలు వంటి షెడ్యూల్ సి మందులకు రూల్ 76 వర్తిస్తుంది. అక్కడ తయారీ పర్యవేక్షణకు కెమిస్ట్రీతో పాటు మైక్రోబయాలజీ ప్రధాన సబ్జెక్టుగా చదివినవారూ అర్హులే. వారికీ 3 ఏళ్ల అనుభవం ఉండాలి.

సింగిల్ మేజర్ విద్యార్థులు ఎందుకు జాగ్రత్తపడాలి?

గతంలో బీజెడ్‌సీ చదివిన వారందరికీ బోటనీ, జువాలజీలతో పాటు కెమిస్ట్రీ కూడా సమాన స్థాయి సబ్జెక్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. ఆ ఏడాది చేరిన విద్యార్థి ఒక మేజర్, ఒక మైనర్ తీసుకున్నారు. జువాలజీ మేజర్, బోటనీ మైనర్ తీసుకున్న విద్యార్థి మార్కుల జాబితాలో కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా కనిపించదు.

కాబట్టి ప్రొడక్షన్‌లో చేరి, పైకి ఎదిగి, లైసెన్సుపై పేరు ఎక్కించుకోవాలనుకుంటే ఆ డిగ్రీ అడ్డు కావచ్చు. క్వాలిటీ కంట్రోల్‌లో, ముఖ్యంగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఈ ఇబ్బంది తక్కువ. కెమిస్ట్రీ మైనర్‌గా ఉన్నవారు దాన్ని ప్రధాన సబ్జెక్టుగా పరిగణిస్తారా అన్నది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖను రాతపూర్వకంగా అడగడం మంచిది. కాలేజీలోనో, కన్సల్టెన్సీలోనో చెప్పే మాట మీద ఆధారపడొద్దు.

క్యూసీలో తొలి ఏడాది పని ఎలా ఉంటుంది?

ఫ్రెషర్‌గా చేరితే 'ట్రైనీ కెమిస్ట్' అంటారు. ముడిసరుకు, తయారైన మందు నమూనాలను ఫార్మకోపియాలో రాసిన పద్ధతిలో పరీక్షించడం, ప్రతి అంకెనూ అప్పటికప్పుడే రాయడం ప్రధానమైన పని. ఒక ఉదాహరణ చూద్దాం. మీ కాలేజీ ల్యాబ్‌లో ఉన్న యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌తోనూ ఇది అర్థమవుతుంది.

పారాసెటమాల్ మాత్రల్లో మందు ఎంత ఉందో చూడాలి. లేబుల్‌పై రాసినదాంట్లో 95 నుంచి 105 శాతం మధ్య ఉంటేనే పాస్. మాత్రలు పొడి చేసి, 150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉండాల్సినంత పొడి తూస్తారు. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, నీళ్లు కలిపి 15 నిమిషాలు కుదిపి, 200 మిల్లీలీటర్లు చేసి వడగడతారు. దాన్ని పది రెట్లు, మళ్లీ పది రెట్లు పలుచన చేసి 257 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే సుమారు 0.536 రావాలి.

మీకు 0.499 వచ్చిందనుకుందాం. 0.499ని 0.536తో భాగిస్తే 93.1 శాతం. అంటే ఫెయిల్. దీన్నే ల్యాబ్ భాషలో 'ఓఓఎస్' అంటారు, పరిమితి దాటిన ఫలితం అని.

ఫెయిల్ వస్తే ఏం చేయాలి?

ముందు చేయకూడనిది: ఆ ద్రావణాలు పారబోసి, కొత్తగా పొడి తూచి, పాస్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయడం. చేయాల్సింది: ఫ్లాస్కులన్నీ అలాగే ఉంచి, సూపర్‌వైజర్‌కు వెంటనే చెప్పడం. తర్వాత కారణం వెతకడంలో ఒక వరుస ఉంటుంది.

అదే ద్రావణాన్ని మళ్లీ మెషీన్‌లో పెడతారు. మళ్లీ 0.499 వస్తే ఆ రీడింగ్‌లో పొరపాటు లేదు. తర్వాత 200 మిల్లీలీటర్ల మొదటి ఫ్లాస్కు నుంచి కొత్తగా పలుచన చేస్తారు. ఇప్పుడు 0.536 వస్తే తప్పు పలుచనలో జరిగినట్టు సూచన. ఆ పొరపాటు రికార్డుల్లో, గాజు సామాన్లలో నిర్ధారణ అయితే, దాన్ని రాసి, పాత ఫలితం కొట్టేసి, కంపెనీ విధానం ప్రకారం మళ్లీ పరీక్షిస్తారు. కొత్త పలుచనలోనూ 0.499 వస్తే కారణం అంతకుముందు దశల్లో వెతకాలి. తూకంలో పొరపాటు జరిగి ఉండొచ్చు, పొడి పూర్తిగా కరగకపోయి ఉండొచ్చు, లేదా మాత్రల్లోనే మందు తక్కువ ఉండొచ్చు. ల్యాబ్‌లో పొరపాటేదీ దొరకకపోతే విచారణ ల్యాబ్ దాటి ప్రొడక్షన్‌కు వెళుతుంది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1993లో అమెరికా కోర్టు బార్ ల్యాబొరేటరీస్ కేసులో, కారణం చూపకుండా ఫెయిల్ ఫలితాన్ని పక్కన పెట్టడం కుదరదని తేల్చింది. అమెరికా ఎఫ్‌డీఏ 2006లో ఓఓఎస్ మార్గదర్శకాలు ఇచ్చింది. 2014 జనవరిలో పంజాబ్‌లోని ర్యాన్‌బాక్సీ తోన్సా ప్లాంటు నుంచి ఆ దేశానికి సరఫరాను ఎఫ్‌డీఏ ఆపేసింది. ఫెయిల్ అయిన నమూనాలను అనుకూల ఫలితం వచ్చేలా మళ్లీ పరీక్షించి, ఫెయిల్ సంగతి చెప్పలేదన్నది ఆ సంస్థ గుర్తించిన లోపాల్లో ఒకటి.

ఇది ట్రైనీకి ఎందుకంటారా? యూవీ, హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్లలో ప్రతి రన్‌కూ ఆడిట్ ట్రయిల్ ఉంటుంది. ఎవరి లాగిన్‌తో, ఎన్ని గంటలకు ఏ నమూనా నడిచిందో అందులో ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి ముందుగా చూసేవాటిలో అదొకటి. 'నీ లాగిన్ ఇవ్వు, నేను చేస్తా' అని సీనియర్ అడిగినా ఇవ్వకండి. రికార్డులో ఉండేది మీ పేరే.

క్యూసీ నుంచి రెగ్యులేటరీకి దారి ఉందా?

ఉంది. రెగ్యులేటరీ ఉద్యోగమంటే మందును అనుమతించమని ప్రభుత్వాలకు సమర్పించే ఫైలు తయారు చేయడం. సీటీడీ అనే ఆ ఫైలులో ఐదు భాగాలుంటాయి. మూడోది నాణ్యతకు సంబంధించింది. పరీక్షా పద్ధతులు, వాటి వ్యాలిడేషన్, స్టెబిలిటీ ఫలితాలు అందులోనే ఉంటాయి. మందును 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి చేసే స్టెబిలిటీ పరీక్షల్లో పనిచేసిన కెమిస్టుకు ఆ భాగం కొత్త కాదు. 'ఆరో నెలలో ఈ మలినం ఎందుకు పెరిగింది?' అని విదేశీ నియంత్రణ సంస్థ అడిగితే జవాబు రాయగలిగేది అలాంటివారే.

అందుకే డిగ్రీ కాగానే రెగ్యులేటరీ సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టేకన్నా, ముందు రెండు మూడేళ్లు క్యూసీలో స్టెబిలిటీ, వ్యాలిడేషన్ పనుల్లో ఉండటం ఎక్కువ పనికొస్తుంది.

పరిశోధన, ప్రభుత్వ ఉద్యోగాల సంగతి?

పరిశోధన విభాగాల్లో సొంతంగా పనిచేయాలంటే బీఎస్సీ చాలదు. ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్-నెట్‌లో జేఆర్ఎఫ్ సాధిస్తే హైదరాబాద్‌లోని ఐఐసీటీ, సీసీఎంబీ వంటి చోట్ల పీహెచ్‌డీకి దారి ఉంటుంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు రూ.37,000.

ప్రభుత్వంలో చాలామంది పొరబడేది ఒకటుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు రూల్ 49 ప్రకారం ఫార్మసీ, ఫార్మాస్యూటికల్ సైన్సెస్ డిగ్రీ, లేదా నిర్దేశిత స్పెషలైజేషన్‌తో మెడిసిన్ కావాలి. మామూలు బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీతో కుదరదు. ఆ పోస్టు పేరు చెప్పి కోచింగ్‌లో చేర్చుకుంటామంటే నోటిఫికేషన్‌లోని అర్హత చూపించమనండి. ఇన్‌స్పెక్టర్ పంపిన నమూనాను పరీక్షించి నివేదికపై సంతకం చేసే గవర్నమెంట్ అనలిస్టు హోదాకు మాత్రం రూల్ 44 సైన్స్ డిగ్రీని అంగీకరిస్తుంది. అయితే దానికి మందుల పరీక్షల్లో ఏళ్ల అనుభవం ఉండాలి.

చేరేటప్పుడు చూసుకోవాల్సింది

మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరిస్తున్నారో చూడండి. మ్యాన్‌పవర్ ఏజెన్సీ లెటర్ మీద చేరితే, మూడేళ్ల తర్వాత అనుభవ పత్రమూ ఏజెన్సీ పేరుతోనే వచ్చే అవకాశం ఉంది. లైసెన్సింగ్ అధికారికి చూపించాల్సి వచ్చినప్పుడు ఏ లైసెన్సు ఉన్న కంపెనీలో, ఏ విభాగంలో, ఏ పరీక్షలు చేశారో రాసిన పత్రం కావాలి. 'కెమిస్ట్‌గా పనిచేశారు' అన్న ఒక్క వాక్యం సరిపోకపోవచ్చు.

కంపెనీ పేరు మీదే ఏడాది అనుభవం కావాలంటే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ nats.education.gov.in లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగేవారికి డబ్బు ఇవ్వొద్దు.

ఇంకో సంగతి. మందుల తయారీ ప్రమాణాలైన షెడ్యూల్ ఎంను కేంద్రం 2023 డిసెంబర్‌లో సవరించింది. చిన్న, మధ్యతరహా కంపెనీలకు ఇచ్చిన గడువు 2025 డిసెంబర్ 31 వరకు పొడిగించింది. ఇంటర్వ్యూలో చివరన 'ఇంకేమైనా అడగాలా?' అంటే, ప్లాంటు కొత్త షెడ్యూల్ ఎంకు మారిందా, క్యూసీలో ప్రతి ఒక్కరికీ విడి లాగిన్ ఉందా అని అడగండి. రెండో ప్రశ్నకు తడబడితే ఆలోచించుకోండి. ఆ ల్యాబ్‌లో రేపు మీ పేరుతో ఏ ఫలితం నమోదవుతుందో మీ చేతుల్లో ఉండదు.