డిగ్రీ కాదు, నడిపిన పని ముందు

భద్రాచలం ఏరియా ఆసుపత్రి లాంటి చోట పనిచేసిన ప్రసూతి వైద్యురాలు ఆసుపత్రి పాలనవైపు మళ్లుతుంటే, లింక్డ్‌ఇన్ సారాంశాన్ని డిగ్రీతో మొదలుపెట్టకూడదంటాను. About విభాగంలో 2,600 అక్షరాలు పడతాయి గానీ, చూడగానే కనిపించేవి మొదటి కొద్ది పంక్తులే. అక్కడ డిగ్రీ, దాని పక్కన ‘12 ఏళ్ల అనుభవం, వేల ప్రసవాలు’ అని ఉంటే మంచి డాక్టరు కనిపిస్తారు, ఆసుపత్రి నడపగల మనిషి కనిపించరు. ‘ఏజెన్సీ మండలాల నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ గర్భిణులు వచ్చే ఆసుపత్రిలో డ్యూటీ రోస్టరు, రక్త నిల్వలు, ఖమ్మం రిఫరళ్లు చూశాను, ఇక పాలన బాధ్యత కోరుతున్నాను’ అంటే ఆ మనిషి కనిపిస్తారు. తర్వాత ఒక్క మార్పును వివరంగా చెప్పాలి: గోదావరి పొంగి దారులు మూసుకుపోకముందే నెలలు నిండినవారిని ఎలా చేర్పించారు, అత్యవసర రిఫరళ్లు అంతకుముందు ఎన్ని, ఆ తర్వాత ఎన్ని. ఆ అంకెలు రిజిస్టరులో ఉన్నవే కావాలి. ఏఎన్‌ఎంల, ఆశాల వాటా కూడా చెప్పాలి. రోగి పేరు తీసేసినా చిన్న గూడెం, తేదీ, జబ్బు మూడూ కలిస్తే ఎవరో తెలిసిపోతుంది కాబట్టి అవి రాయకూడదు. చూడని బడ్జెట్‌ను చూశానని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.