భుజానికి విశ్రాంతి.. సభ్యత్వానికీ విరామం!

‘‘ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేశాను కదండీ.. ఊరికే పోతాయని వెళ్లాను.’’ రాజమహేంద్రవరంలో ఫిజియోథెరపిస్టుగా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈమధ్య విన్నది 38 ఏళ్ల ఒక చిరుద్యోగి నోట. మోరంపూడి దగ్గర బైకు జారి, కుడి భుజం మీద పడ్డారు. చేతిని పైకెత్తే కండరాల కొసలు.. అంటే రొటేటర్ కఫ్ టెండన్లు.. ఎముక నుంచి చిరిగిపోయాయి. ఆపరేషన్ చేసి కుట్టారు. ఏడో వారానికి నొప్పి తగ్గింది. జిమ్‌కు వెళ్లి డంబెల్స్ ఎత్తారు. పదో వారంలో నా దగ్గరకొచ్చేసరికి చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవడం లేదు. ఎమ్మారై తీస్తే కుట్టిన చోటే మళ్లీ చిరిగింది.

ఆయన మొండితనంతో వెళ్లలేదు. సభ్యత్వాన్ని కొన్నాళ్లు ఆపమని జిమ్‌ను అడిగారు. వాళ్లు కాదన్నారు. ఆ తర్వాతే వెళ్లారు. అందుకే నేను చెప్పేదొకటే. ఇలాంటి గాయాల్లో సభ్యత్వం ఫ్రీజ్ చేయించుకోవడం డబ్బు వ్యవహారం మాత్రమే కాదు, చికిత్సలో భాగం కూడా. దాన్ని సరిగా అడగటం మీరు నేర్చుకోవాలి. అడిగితే ఇవ్వటం జిమ్‌లు నేర్చుకోవాలి.

ఆయన ఎలా అడిగారో చూడండి. ట్రెయినర్‌కు వాట్సాప్‌లో ‘ఆరోగ్యం బాగాలేదు, డబ్బులు వెనక్కి ఇప్పించండి’ అని పెట్టారు. కింద ఆఫీసుకు ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్ ఫొటో జోడించారు. అందులో ‘ఆరు వారాలు విధులకు సెలవు అవసరం’ అని ఉంది. ‘రశీదు మీద నో రీఫండ్ అని రాసే ఉంది, పైగా ఆరు వారాలే కదా’ అని జవాబొచ్చింది. ఆయనకూ అలాగే అనిపించింది. ఆరు వారాలు దాటగానే బయల్దేరారు.

అసలు పొరపాటు ఇక్కడే ఉంది. మన డాక్టర్లు మామూలుగా వాడే సర్టిఫికెట్ నమూనా ఉద్యోగ సెలవు కోసం తయారైంది. వైద్య మండలి 2002 నిబంధనల్లోని నమూనాలోనూ ‘ఫలానా తేదీ నుంచి ఇంతకాలం విధులకు గైర్హాజరు అవసరం’ అనే ఉంటుంది. కుర్చీలో కూర్చుని పనిచేయడానికి ఆరు వారాలు చాలవచ్చు. కానీ కుట్టిన టెండన్ ఎముకకు అతుక్కోవడానికి సాధారణంగా 12 వారాలు పడుతుంది. ఆ తర్వాతే తేలికపాటి బలం పెంచే వ్యాయామాలు మొదలుపెడతాం. బరువులెత్తడానికి నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. నొప్పి తగ్గడం వేరు, అతుక్కోవడం వేరు. నొప్పి ముందు పోతుంది, అతుకు తర్వాత గట్టిపడుతుంది. ఈ రెండింటి మధ్య కాలమే ప్రమాదం.

కాబట్టి జిమ్‌కు ఇచ్చే సర్టిఫికెట్‌ను విడిగా అడిగి రాయించుకోండి. అందులో గాయమేమిటో, ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు బరువులు, జిమ్ వ్యాయామాలు చేయకూడదో, మళ్లీ పరీక్ష ఎప్పుడో ఉండాలి. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. నకలే ఇవ్వండి, అసలుది మీ దగ్గర ఉంచుకోండి. ఎమ్మారై రిపోర్టు, పూర్తి కేస్ షీటు జిమ్‌కు ఇవ్వాల్సిన పనిలేదు. గాయం లేకుండా సర్టిఫికెట్ అడగకండి. తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరుపై వైద్య మండలి చర్య తీసుకుంటుంది.

ఇక ఉత్తరం. ముందు ఫ్రీజ్ అడగండి, రీఫండ్‌ను రెండో దారిగా ఉంచండి. ఫ్రీజ్ చేస్తే జిమ్ చేతి నుంచి డబ్బు పోదు, అందుకే ఒప్పుకోవడం తేలిక. పై కేసులో ఉత్తరం ఇలా ఉంటే సరిపోయేది:

‘మేనేజరు గారికి, జూన్ 1న రూ.12,000 చెల్లించి ఏడాది సభ్యత్వం తీసుకున్నాను. సెప్టెంబరు 10న రోడ్డు ప్రమాదంలో కుడి భుజానికి గాయమై, 16న ఆపరేషన్ జరిగింది. మార్చి 10 వరకు జిమ్ వ్యాయామాలు చేయకూడదన్న వైద్యుని సర్టిఫికెట్ నకలు, రశీదు నకలు జతచేశాను. సెప్టెంబరు 11 నుంచి మార్చి 10 వరకు, 181 రోజులు సభ్యత్వాన్ని నిలిపి, గడువును మే 31 నుంచి నవంబరు 28కి పొడిగించగలరు. తిరిగి వచ్చేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇస్తాను. అలా వీలుకాకపోతే వాడుకోని కాలానికి రుసుము తిరిగి ఇవ్వగలరు. 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను.’

దీన్ని గాయమైన వారం పది రోజుల్లోనే ఇంట్లోవాళ్లతో పంపండి. ఆలస్యమైతే ‘ఉత్తరం అందిన రోజు నుంచే ఫ్రీజ్’ అంటారు. రెండో ప్రతి మీద తేదీతో సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపండి.

రీఫండ్ దగ్గరకొస్తే లెక్కలో తేడా వస్తుంది. రోజుల ప్రకారం మిగిలిన 263 రోజులకు దాదాపు రూ.8,650 రావాలని మీరంటారు. జిమ్ మరోలా లెక్కేస్తుంది. నెలవారీ రుసుము రూ.1,500 అనుకుంటే, నాలుగో నెలలోకి వచ్చారు కాబట్టి రూ.6,000 పోను మిగతా రూ.6,000 అంటుంది. ఏడాదికి కట్టినందుకు ఇచ్చిన రాయితీ ఇక వర్తించదన్న వాదన అన్యాయమేమీ కాదు. అక్కడ ఒప్పుకోవచ్చు.

మరి పూర్తిగా కాదంటే? ఉన్నమాట చెప్పాలి. జిమ్ తప్పు లేకుండా బయట గాయపడితే డబ్బు వెనక్కివ్వాలని చట్టంలో ప్రత్యేక నిబంధన లేదు. మీరు సంతకం చేసిన కాగితంలో వైద్య కారణాలకు విరామం ఉందేమో ముందు చదవండి. ఉండి కూడా ఇవ్వకపోతే అది సేవాలోపం. జిమ్‌లోని పాడైన యంత్రం వల్లే గాయమైతే అది వేరే కేసు, ఉత్తరంలో ఆ సంగతి స్పష్టంగా రాయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ముందు జిమ్‌తో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. రూ.5 లక్షల లోపు చెల్లింపులపై ఫిర్యాదుకు రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. అక్కడ మీ చేతిలో ఉండాల్సినవి రశీదు, సర్టిఫికెట్, ఉత్తరం అందినట్టు సంతకం. ట్రెయినర్‌తో ఫోన్లో అన్న మాటలకు రుజువుండదు.

జిమ్ యజమానులకూ ఒక మాట. ఆరు నెలలు రాని సభ్యుడి వల్ల మీకు పోయేది ఏమీ లేదు. అతకని భుజంతో వచ్చి మీ బెంచి మీద బరువెత్తితే, జరగరానిది మీ కళ్లముందే జరుగుతుంది. సర్టిఫికెట్ చూపితే అదనపు రుసుము లేకుండా ఫ్రీజ్ చేస్తామని సభ్యత్వ పత్రంలోనే ఒక వాక్యం చేర్చండి. డాక్టర్లు కూడా ‘విశ్రాంతి’ అని వదిలేయకుండా దేని నుంచి, ఎప్పటిదాకా అన్నది రాస్తే చాలు.

ఆ చిరుద్యోగికి రెండోసారి కుట్లు పడ్డాయి. మిగిలిన సభ్యత్వం రూ.8,650 విలువైతే, దాన్ని ‘వృథా కానివ్వకూడదని’ ఆయన పెట్టిన ఖర్చు అంతకు ఎన్నో రెట్లు.