ఒక్క పలకరింపు

వెంకటరమణ రాయచోటి నుంచి కువైట్ వెళ్లి ఆరేళ్లు. ఒక ఇంట్లో డ్రైవరు. కారు దిగినప్పుడల్లా ఆ ఇంటి పెద్దాయన "యాతీక్ అల్ ఆఫియా" అనేవాడు. మనోడు "షుక్రన్" అని ఊరుకునేవాడు.

ఒకరోజు పెద్దాయన అడిగాడు. "ఇంటికి ఫోన్ చేయగానే ఏదో అంటావే, ఏంటది?"

"బాగుండావా?" అని చెప్పి, వచ్చీరాని అరబ్బీలో అర్థం విడమర్చాడు.

పెద్దాయన నాలుగుసార్లు పలికి చూసుకుని నవ్వాడు. "మరి నా మాటకి షుక్రన్ కాదు జవాబు. దేవుడు నీకు ఆరోగ్యం, ఓపిక ఇవ్వాలని నేనంటున్నా. నువ్వు 'అల్లా యాఫీక్' అనాలి. నాకూ ఇవ్వాలని."

ఆరేళ్లుగా దీవెన తీసుకోవడమే గానీ తిరిగి ఇచ్చింది లేదని అప్పుడు తెలిసింది.

ఆ ఎండాకాలం పెద్దాయనకి గుండెనొప్పి. వెంకటరమణే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వీల్‌చైర్‌లో లోపలికి తోస్తుంటే ఆయన ఆయాసపడుతూనే వెనక్కి తిరిగాడు.

"బాగుండావా?"

బాగుండా అనాలి. నోరు పెగల్లేదు.

"అల్లా యాఫీక్, బాబా" అన్నాడు.